మెట్రో కార్డు కింద దాచిన వాక్యం

జయంతి మేడమ్ గురించి మా ఆఫీసుల ఇప్పటికీ ఒక మాట నడుస్తది. "జవాబుల కీ తప్పు ఇచ్చింది, ఉద్యోగం పోయింది" అంటరు. విన్నోళ్ళు అయ్యో అని తలకాయ ఊపి మళ్ళ చాయ్ తాగుతరు. నాకైతే ఒళ్ళు మండుతది. రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి నడుమ "అందుకే" అని అతికిస్తే అయిపాయె, ఇగ ఎవ్వడూ ఆలోచన చెయ్యడు. అట్ల అతికియ్యొద్దనే ఆమె జిందగీ మొత్తం పిల్లలకు చెప్పింది. అట్ల అతికిచ్చిన మాటల్లనే ఆమెను ఇరికిచ్చిన్రు. ఇరికిచ్చినోళ్ళల్ల నేనెవ్వన్నో కూడా చెప్త, జర ఓపిక పట్టుండ్రి.

నా పేరు రవీందర్. కొత్తగూడ దిక్కు అద్దాల బిల్డింగుల, నాలుగో అంతస్తుల ఉన్న ఒక కోచింగ్ కంపెనీల డీటీపీ ఆపరేటర్‌ను. మేడమ్‌లు, సార్లు చేతితోని రాసిచ్చిన ప్రశ్నలు టైపు చేసుడు, బొమ్మలు గీసుడు, ప్రింటు తీసి ఇచ్చుడు, వాళ్ళు ఎర్ర పెన్నుతోని దిద్దినవి మళ్ళ మార్చుడు నా పని. ప్రశ్నలు ఒక ఫైల్ల ఉంటయి, జవాబుల కీ ఇంకో ఫైల్ల ఉంటది. ఈ సంగతి యాదుంచుకోండ్రి.

నా పక్క కుర్చీ జయంతి మేడమ్‌ది. తణుకు దిక్కు మనిషి. పదకొండేండ్లు ఒక రెసిడెన్షియల్ కాలేజీల జువాలజీ చెప్పింది. ఒక్కో సెక్షన్ల తొంభై మంది, దినానికి ఆరు పీరియడ్లు, మైకు లేదు. గొంతు నరాల మీద కాయలు కాసినయని దవాఖానల చెప్పిన్రు. రెస్టు తీసుకోమని డాక్టర్ అంటే, ఇంట్లనే ఉండిపొమ్మని కాలేజీ అన్నది. గట్ల వచ్చి మా దగ్గర ప్రశ్నలు రాసే పనిల చేరింది. గొంతు బొంగురు. కోపమొస్తే ఆ బొంగురు కూడా పోయి ఉత్త పెదవులే కదిలేవి. మేం నవ్వుకునేటోళ్ళం. మేడమ్‌కు కోపమొస్తే మ్యూట్ పడుతదని నేనే పేరు పెట్టిన, నా నోరు పడ.

బస్సుల తొక్కులాట పడలేక, చుట్టు తిరుగుడైనా రోజూ మియాపూర్ నుంచి నడుమ ట్రైన్ మారి మెట్రోల వచ్చేది. దిగినంక ఆ మెట్రో కార్డు పర్సుల పెట్టదు, టేబుల్ మీదనే పెడుతది. దానితోనే పని ఆమెకు.

పరీక్షల అసర్షన్-రీజన్ అని ఒక రకం ప్రశ్న ఉంటది. మీ ఇంట్ల పదో తరగతి పిల్లలుంటే తెలిసే ఉంటది. పైన ఒక మాట, అది అసర్షన్. కింద ఇంకో మాట, అది రీజన్. నాలుగు ఆప్షన్లు. రెండూ నిజం, కిందిది పైదానికి సరైన కారణం అయితే ఒకటి. రెండూ నిజమే గాని కిందిది కారణం కాదంటే రెండు. పైది నిజం, కిందిది తప్పు అయితే మూడు. పైది తప్పు, కిందిది నిజం అయితే నాలుగు. చూస్తే గింతే. కానీ తెలివైన పిల్లలే ఇందుల బోర్లపడతరు. ఎందుకంటె రెండూ కలిపి గడగడ చదువుతరు. కలిపి చదివితే ఏ రెండు ముచ్చట్లైనా చుట్టాల లెక్కనే కనిపిస్తయి.

మేడమ్ మెట్రో కార్డు తీసి కింది వాక్యం మీద పెట్టేది. "ఇది ఇంకా పుట్టలేదనుకోండి. పైది ఒక్కటే ఉంది. నిజమా, అబద్ధమా? పక్కన గుర్తు పెట్టండి." తర్వాత కార్డు పైకి జరిపి పై వాక్యం మూసేది. "ఇప్పుడు కిందది. నిజమా, కాదా? గుర్తు పెట్టండి. రెండూ నిజమైతేనే కార్డు తియ్యండి. అప్పుడు మధ్యలో ఎందుకంటే అని పెట్టి చదవండి. కిందది పైదానికి కారణం చెబుతోందా, లేక ఊరికే పక్కన నిలబడ్డ ఇంకో నిజమా?"

ఇదంతా మాకు చెప్పలే. కింద సెల్లార్ల చెప్పింది, మొగిలి బిడ్డకు.

మొగిలి మా గేటు కాడి సెక్యూరిటీ. జనగామ దిక్కు నుంచి వచ్చి బోరబండల కిరాయికి ఉంటడు. బిడ్డ అనూష గవర్నమెంటు బళ్ళె పదో తరగతి. బడి అయిపోంగనే నాయిన దగ్గరికొచ్చి, సెల్లార్ల జనరేటర్ పక్కన కూసోని చదువుకునేది. ఒకనాడు మధ్యాహ్నం అన్నం తిని నడిచేటప్పుడు మేడమ్ చూసింది. ఏం చదువుతున్నవమ్మా అని వంగి చూసి, అక్కడనే సిమెంటు దిమ్మె మీద కూసున్నది. ఆ రోజు నుంచి చాయ్ టైముల అర్ధగంట అనూషదే.

మొదటి రోజు ఆమె చెప్పిన ఉదాహరణ నేను చెవులార విన్న. "పై వాక్యం, మొగిలి గారు గేటు దగ్గర నిలబడతారు. కింది వాక్యం, మొగిలి గారు నీలం రంగు చొక్కా వేసుకుంటారు. చెప్పు."

"రెండూ నిజమే మేడమ్" అన్నది పిల్ల.

"చొక్కా నీలంది కాబట్టే నిలబడ్డారా?"

మొగిలి పడి పడి నవ్విండు. "చొక్కా ఇప్పితే కూసోనిస్తరా మేడమ్, చెప్పుండ్రి, ఇప్పుడే ఇప్పుత!"

"రెండో ఆప్షన్" అన్నది అనూష, నవ్వకుంట. ఆ పిల్ల నవ్వేది కాదు, రాసుకునేది. నాయిన పాత బస్ పాసు ఒకటి అడిగి తీసుకొని దాన్నే కార్డు చేసుకున్నది. తర్వాత "డాల్ఫిన్ ఒక చేప, డాల్ఫిన్ నీళ్ళలో బతుకుతుంది" అని మేడమ్ ఇస్తే, పాసు పెట్టి చూసి, పైది తప్పు, కిందిది నిజం, నాలుగు అని టక్కున చెప్పింది. మేడమ్ నా దిక్కు చూసి కండ్లతోనే చూశారా అన్నది. ఆమె మొహంల అంత వెలుగు నేను ఆఫీసుల ఎన్నడూ చూడలే.

మా కంపెనీ ఏటా ఒక స్కాలర్‌షిప్ టెస్ట్ పెడుతది. ముందల ఉన్న ఇరవై మందికి రెండేండ్ల ఇంటర్, కోచింగ్, హాస్టల్ అన్నీ ఫ్రీ. అనూషకు అదొక్కటే తొవ్వ. డాక్టర్ చదవాలని పిల్ల పట్టు, పైస కట్టి చదివించే తాకత్ మొగిలికి లేదు. "సీటొస్తే నా బిడ్డ ఈ గేటు లోపలికి స్టూడెంటోలె పోతది, నేను సెల్యూట్ కొడత" అనేటోడు. బయాలజీ పేపర్ రాసేది జయంతి మేడమే గనుక, పిల్ల టెస్ట్ రాస్తదని తెల్వంగనే ఆ పేపర్ల ఉన్న పాఠాలు సెల్లార్ల చెప్పుడు బంద్ పెట్టింది. ఉత్త చదివే పద్ధతే చెప్పింది. అంత నిక్కచ్చి మనిషి.

పేపర్ల ఊపిరితిత్తుల మీద ఒక అసర్షన్-రీజన్ రాసింది. మొదట పై వాక్యం, "వాయుగోణుల్లో వాయువుల మార్పిడి సులువుగా జరుగుతుంది." వాయుగోణులంటే ఊపిరితిత్తుల్ల ఉండే చిన్న చిన్న గాలి సంచులు. కింది వాక్యం, "వాయుగోణుల గోడలు చాలా పలచగా ఉండి, చుట్టూ రక్తకేశనాళికలు ఉంటాయి." రెండూ నిజం, కిందిది కారణం. జవాబు ఒకటి. నేను టైపు చేసి, కీ ఫైల్ల ఒకటి అని కొట్టిన.

మా అకడమిక్ హెడ్ ఆదర్శ్ సార్ చూసి, మరీ ఈజీగా ఉంది, ట్విస్ట్ చేయండన్నడు. మేడమ్ ప్రింటు మీద ఎర్ర పెన్నుతోని పై వాక్యం కొట్టేసి కొత్తది రాసింది. "వాయుగోణులు వాయు మార్పిడి జరిగే ఉపరితలాన్ని బాగా పెంచుతాయి." ఇప్పుడు పైదీ నిజమే, కిందిదీ నిజమే. కానీ ఉపరితలం పెరిగేది గాలి సంచులు కోట్ల లెక్కల ఉండబట్టి, గోడలు పలచగా ఉండబట్టి కాదు. ఒక్క మాట మారంగనే కిందిది కారణం కాకుంట పోయింది. జవాబు రెండు.

పేపర్ అచ్చుకు పోయింది. ఆదివారం టెస్ట్ అయింది. బుధవారం రిజల్ట్, దానితోని జవాబుల కీ వచ్చినయి. అనూషకు ఇరవై మూడో ర్యాంకు.

గురువారం మధ్యాహ్నం పిల్ల కొశ్చన్ పేపర్ పట్టుకొని పైకే వచ్చింది. కండ్లు ఉబ్బి ఉన్నయి. ఏడ్చుకుంట అడగలే, చక్కగ అడిగింది. "మేడమ్, దీనికి ఒకటి ఎట్లయితది? పలచటి పరదా కడితే గాలి మంచిగ వస్తది. గది పెద్దగ కాదు గద?"

మేడమ్ కార్డు తీసింది. పెట్టింది. జరిపింది. తీసింది. పెదవులు కదిలినయి గాని మాట రాలే. నవ్వులాట కాదు, ఆ రోజు నిజంగనే రాలే.

కంపెనీ కీల ఒకటనే ఉంది. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పైతే ఒకటి కోత. అనూష రెండు పెట్టింది గనుక ఒక మార్కు పోయింది. మొత్తం 256. ఇరవయ్యో ర్యాంకు పిల్లగానికి 263. వాడి షీటు మేడమ్ తీసి చూసింది, వాడు ఒకటి పెట్టిండు. కీ సరిచేస్తే అనూషకు అయిదు పెరిగి 261, వాడికి అయిదు తగ్గి 258. నడుమ ఉన్న ఇద్దరూ ఒకటో ఆప్షనే పెట్టిన్రు, వాళ్ళూ కిందికి దిగుతరు. సీటు అనూషది.

మేడమ్ ఆదర్శ్ సార్ రూములకు పోయింది. నేను కొత్త ప్రింట్లు ఇచ్చే వంకతోని తలుపు కాడ ఉన్న.

"మేడమ్, కీ ఇచ్చింది మీరే. ఇప్పుడు మార్చమంటున్నదీ మీరే. పైగా ఆ అమ్మాయికి కింద చదువు చెప్పేది కూడా మీరేనట. నేను మేనేజ్‌మెంట్‌కు ఏమని చెప్పనండి?" అన్నడు ఆదర్శ్ సార్. గొంతు లేపలే. లేపితే బాగుండు.

"ప్రశ్న చదవండి సార్. ఎవరినైనా అడగండి."

"అడిగితే ఒకరొకటి అంటారు, ఇంకొకరింకోటి అంటారు. అప్పుడు అది వివాదాస్పద ప్రశ్న అవుతుంది, అందరికీ మార్కులు కలుపుతాం. టెస్టుకు ముందే జవాబు రెండు అని మీరు రాసిన కాగితం ఏదైనా ఉందా? ఉంటే టైపింగ్ మిస్టేక్ అని కీ మార్చేస్తాను, ఎవరూ నోరెత్తరు."

మేడమ్ బయటికొచ్చి నా కుర్చీ దగ్గర నిలబడ్డది. "రవీందర్ గారూ, నేను ఎర్ర పెన్నుతో దిద్దిన ఆ ప్రూఫ్ కాగితం ఉందా? వాక్యం మార్చినప్పుడు కీ కూడా మార్చానా నేను? ఎంత తలచుకున్నా గుర్తు రావటం లేదండి."

ఉంది. నా కింది డ్రాయర్ల, పాత ప్రూఫుల కట్టల ఉంది. అనూష వచ్చిపోంగనే తీసి చూసిన. ఎర్ర సిరాతోని కొత్త వాక్యం, దాని పక్కన గుండ్రంగ సున్న చుట్టి "కీ: 2" అని ఉంది. ఆ రోజు వాక్యం మార్చిన. కీ ఫైలు తెరిచేలోపల హాల్ టికెట్ల డిజైన్ అర్జెంట్ అని పిలిచిన్రు. పోయిన. వచ్చినంక తర్వాత పేజీ పట్టుకున్న. వాక్యం మారింది, పాత కీ పాతట్లనే ఉన్నది. మా పనిల గిసుంటి తప్పే జరుగుతది, జరిగితే ఎవ్వరికీ కనపడది.

అప్పటికే నాకు రెండు వార్నింగులు ఉన్నయి. మూడోదైతే ఇంటికే. నా ఇల్లు, నా కిరాయి, నా పిల్లలు అని చెప్పుకుంట కూసోను. చెప్తే అది కూడా కారణం లెక్క వినిపిస్తది మీకు.

"లేదు మేడమ్. పాత ప్రూఫులన్నీ చింపేసిన్రు" అన్న. అంతటితోని ఆగినా బాగుండు. ఆగలే. "నాకు యాదున్నంత మటుకు మీరు వాక్యం ఒక్కటే మార్చిన్రు" అన్న.

ఆమె నన్ను నమ్మింది. ఒక్క క్షణం కూడా అనుమానపడలే. "అయితే నేనే చూసుకోలేదన్నమాట" అని తన కుర్చీల కూసోని, కార్డును తిప్పి తిప్పి చూసుకున్నది.

సాయంత్రానికి కంపెనీ నోటీసు పెట్టింది. ప్రశ్న వివాదాస్పదం, అందరికీ పూర్తి మార్కులు. చూస్తే ధర్మం లెక్కనే ఉంటది, ఎంత మంచోళ్ళో అనిపిస్తది. అనూష 261 అయింది. ఇరవయ్యో పిల్లగాడి 263 అట్లనే ఉన్నది. నడుమ ఉన్న ఇద్దరినీ దాటి పిల్ల ఇరవై ఒకటో ర్యాంకుకు వచ్చింది. సీట్లు ఇరవై. జవాబు కరెక్టుగ రాసినోళ్ళకూ, తప్పు రాసినోళ్ళకూ ఒక్కటే మార్కు. థూ, ఏం ధర్మమది!

మర్నాడు ఇరవై మంది ఫోటోలతోని ఫ్లెక్సీ వచ్చింది. దాన్ని గేటుకు కట్టింది మొగిలే, డ్యూటీ గనుక. కడుతుంటే మేడమ్ వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పింది, కీ తప్పని, ఆ తప్పు తనదేనని, సరిచేస్తే అనూషకు సీటు వచ్చేదని. చెప్పకుండ ఉండొచ్చు. ఆమెకు చాతకాలే. మొగిలి దారం ముడి వేసి ఫ్లెక్సీ కట్టుడు పూర్తి చేసిండు. తర్వాత నాలుగో అంతస్తు ఎక్కి ఆదర్శ్ సార్‌ను అడిగిండు. "సార్, నా బిడ్డ రాసింది కరెక్టేనట గద" అని ఒక్కటే మాట, పది సార్లు అడిగిండు. ఆదర్శ్ సార్ సెక్యూరిటీని పిలవమన్నడు. సెక్యూరిటీ అంటే మొగిలే. ఎవ్వరూ నవ్వలే.

వారంల మొగిలిని వేరే బిల్డింగుకు, నానక్‌రామ్‌గూడకు మార్చిన్రు. జయంతి మేడమ్‌ను కూడ పంపించిన్రు. కాగితం మీద ఏం రాసిన్రంటే, కీ తయారీలో నిర్లక్ష్యం. ఇగ జూడుండ్రి, ఆమె కార్డు తీసుకొని మీరే పెట్టి జూడుండ్రి. ఉద్యోగం పోయింది, నిజం. కీ తప్పుగ పోయింది, అది కూడా నిజం. కానీ కీ తప్పుగ పోయినందుకు ఉద్యోగం పోలే. కీ తప్పులు మా దగ్గర ఏటా పదైనా పోతయి, ఎవ్వరినీ తీసెయ్యలే. లోపలి ముచ్చట గేటు కాడ ఒక వాచ్‌మన్‌కు నిజం చెప్పినందుకు తీసేసిన్రు. అది ఏ కాగితం మీద కూడా రాయలే. ఆ కీ తప్పు ఆమెది కాదని తెలిసిన మనిషి ఒక్కడే, వాడు పక్క కుర్చీల కూసోని టైపు చేస్తున్నడు.

అనూషను మొగిలి ఒకేషనల్ కాలేజీల ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల వేసిండు, జల్ది పని దొరుకుతదని. డాక్టర్ ముచ్చట ఇంట్ల ఎవ్వరూ తియ్యరట. నేను నానక్‌రామ్‌గూడల షేర్ ఆటో దిగినప్పుడు ఒకసారి కలిసి చెప్పిండు. "మేడమ్ మంచిదే సార్, తప్పు ఎవలతోనైనా అయితది. కానీ నా బిడ్డ గాచారం జూడు, నేర్పిన చెయ్యే తప్పు రాసింది" అన్నడు. నేను అవునన్న.

మొన్న ఒక ఆదివారం పొద్దుగాల ఆ ప్రూఫ్ కాగితం మడిచి జేబుల పెట్టుకొని మియాపూర్ పోయిన. ఆమె చేతికి ఇద్దామనే పోయిన, అబద్ధం చెప్త లేను. బస్ డిపో వెనుక సందుల, రెండో అంతస్తు పోర్షన్ల మేడమ్ ట్యూషన్ చెప్తున్నది. చాప మీద ఎనిమిది మంది పిల్లలు. తలుపు తెరిచే ఉంది. గొంతు ఇంకా తగ్గిపోయింది, పిల్లలు ముందుకు వంగి వింటున్నరు.

"రెండూ నిజమే కదా అని ఆగిపోకండి. నేను ఆగిపోయాను ఒకసారి. ఇన్నేళ్ళు చెప్పి చెప్పి, నా ప్రశ్న దగ్గరే కార్డు పెట్టి చూసుకోలేదు. నా దగ్గర నేర్చుకున్న అమ్మాయి కరెక్టుగా రాసింది, నేను తప్పు రాశాను. దాని సీటు పోయింది. అందుకని నేను చెప్పానని కూడా నమ్మొద్దు. కార్డు పెట్టండి, విడివిడిగా చూడండి."

పిల్లలు తలలు వంచి తలా ఒక కార్డు తీసిన్రు. ఒకనిది ఆధార్ కార్డు, ఒకామెది ఏదో దుకాణం కార్డు. అప్పుడు మేడమ్ నన్ను చూసింది.

"అయ్యో, రవీందర్ గారూ! రండి, రండి" అని లేచింది. పిల్లల దిక్కు తిరిగి, "ఈయన మా ఆఫీసులో నా పక్కన కూర్చునేవారు. నేను రాసిన తప్పులన్నీ దిద్ది టైపు చేసేది ఈయనే" అన్నది.

కుర్చీ వేసింది. చాయ్ తెచ్చి ఇచ్చింది. అనూష ఎట్ల ఉందండి, ఎప్పుడైనా కనపడిందా అని అడిగింది. మంచిగనే ఉంది మేడమ్ అన్న. చక్కెర ఎక్కువైందా అని అడిగింది. లేదు, సరిపోయిందన్న. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి లేచిన. కాగితం నా జేబులనే ఉంది.